మీకు తెలుసా? మరిగించినా తేనెలో ఆ ముప్పు పోదు

తేనెలో ఉండే అవకాశమున్న క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగించినా చావవు. పెద్దవాళ్ల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని వదలగలవు. జబ్బు అరుదే. కానీ పుట్టగానే నాలుకకు తేనె రాయడం, మందును తేనెలో రంగరించి నాకించడం మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి గుర్తులు తెలిసి ఉండాలి. తరచు మలబద్ధకంతో మొదలవుతుంది. తర్వాత పాలు చప్పరించే బలం తగ్గుతుంది, ఏడుపు సన్నబడుతుంది, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు. అప్పుడు క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆరు నెలలు నిండాక తీపి కోసం తేనెకు బదులు అరటిపండో, సపోటానో మెదిపి పెట్టండి. రసం తీస్తే పీచు పోయి చక్కెరే మిగులుతుంది, పాల మీద ఆకలి చస్తుంది. దాహానికి కాచి చల్లార్చిన నీళ్లు చాలు. పప్పులో ఉప్పు వేయకముందే బిడ్డ వాటా తీసిపెట్టండి. ఆ వయసు కిడ్నీలు ఎక్కువ ఉప్పును బయటికి పంపలేవు. పల్లీలు, జీడిపప్పు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి గింజలుగా ఐదేళ్ల దాకా వద్దు. మెత్తటి పొడిని జావలో కలపవచ్చు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్‌ను అడగండి.