ఒక్క కుదుపు చెప్పే లెక్క

కాయిల్‌కి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే కరెంటు వెంటనే పూర్తి స్థాయికి ఎగబాకదు, మెల్లగా పెరుగుతుంది. బ్యాటరీ తప్పించి కాయిల్ రెండు కొసలనూ కలిపేస్తే వెంటనే సున్నా కాదు, మెల్లగా తగ్గుతుంది. ఈ రెండు సందర్భాలకీ సూత్రాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. కానీ వోల్టేజి కాసేపు 12, కాసేపు 6, కాసేపు సున్నా, మళ్ళీ 12... ఇలా ఇష్టమొచ్చినట్టు మారుతుంటే ఫలానా క్షణాన కరెంటు ఎంత ఉంటుంది? వోల్టేజి మారిన ప్రతిసారీ కొత్తగా లెక్క మొదలుపెట్టనక్కర్లేదు. ఆ సర్క్యూట్‌ని ఒక్కసారి కుదిపితే ఏం జరుగుతుందో తెలిస్తే చాలు, మిగతా జవాబులన్నీ అందులోంచే వస్తాయి.

అంకెలతోనే చూద్దాం. మన కాయిల్ రెసిస్టెన్స్ R 10 ఓమ్‌లు, ఇండక్టెన్స్ L 0.1 హెన్రీ అనుకుందాం. కాయిల్ స్వభావం ఒక్క మాటలో చెప్పొచ్చు: దాని మీద పడిన వోల్టేజిని అది ఉన్న కాలంతో గుణించి, ఇండక్టెన్స్‌తో భాగిస్తే కరెంటు ఎంత పెరిగిందో వస్తుంది. 12 వోల్టులు ఒక మిల్లీసెకను ఉంటే 0.012 వోల్టు-సెకన్లు. దాన్ని 0.1తో భాగిస్తే 0.12 ఆంపియర్లు. 120 వోల్టులు మిల్లీసెకనులో పదో వంతు ఉన్నా అదే 0.12. కాయిల్‌కి కుదుపు ఎత్తుతోనూ వెడల్పుతోనూ విడివిడిగా పనిలేదు, వాటి వైశాల్యం ఎంతన్నదే దానికి కావాలి.

వైశాల్యం మారకుండా వెడల్పుని సున్నా దాకా కుదించుకుంటూ పోతే మిగిలేదే ఇంపల్స్. భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ పేరుతో పిలిచే డెల్టా ఫంక్షన్ ఇదే. ప్రయోగశాలలో దాన్ని ఎవరూ పుట్టించలేరు, కానీ దగ్గరగా వెళ్ళొచ్చు. మన 12 వోల్టుల, ఒక మిల్లీసెకను కుదుపు ముగిసేసరికి కరెంటు నిజానికి 0.12 కాదు, 0.114 ఆంపియర్లు ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే రెసిస్టెన్స్ తన వంతు తగ్గించేసింది.

కుదుపు అయిపోయాక వోల్టేజి సున్నా, సర్క్యూట్ మాత్రం మూసే ఉంది. ఇక రెసిస్టెన్స్ కరెంటుని కరిగిస్తూ పోతుంది. ఎంత వేగంగా అన్నది L/R చెబుతుంది. మన కాయిల్‌కి అది 10 మిల్లీసెకన్లు. ప్రతి 10 మిల్లీసెకన్లకీ కరెంటు, అప్పటికున్న దాంట్లో సుమారు 37 శాతానికి పడిపోతుంది. ఒక వోల్టు-సెకను కుదుపుకి ఈ కథంతా కలిపి రాస్తే ఇంపల్స్ రెస్పాన్స్ వస్తుంది:

h(t) = (1/L) e^(−Rt/L) = 10 e^(−100t)

ఇక్కడ t సెకన్లలో ఉంది. కుదుపు పడ్డ క్షణానికి ముందు h(t) సున్నా, ఎందుకంటే రాబోయే కుదుపుకి ఏ కాయిలూ ముందుగా స్పందించదు.

ఇప్పుడు మన అడ్డదిడ్డపు వోల్టేజి దగ్గరికి వద్దాం. మొదటి 5 మిల్లీసెకన్లు 12 వోల్టులు, తర్వాతి 5 మిల్లీసెకన్లు 6, ఆపైన 5 సున్నా, చివరి 5 మళ్ళీ 12. సరిగ్గా 20వ మిల్లీసెకను దగ్గర కరెంటు కావాలి. ఒక్కో ముక్కనీ ఒక్కో కుదుపుగా, తన మధ్య క్షణంలో పడినట్టుగా లెక్కిద్దాం. అడుగున చిల్లున్న తొట్టిలో వేర్వేరు వేళల్లో చెంబులతో నీళ్ళు పోసి, ఇప్పుడు ఏ చెంబులోది ఎంత మిగిలిందని అడగడం లాంటిదే ఇది.

మొదటి ముక్క 0.6 ఆంపియర్ల కుదుపు. దాని వయసు ఇప్పటికి 17.5 మిల్లీసెకన్లు, కాబట్టి మిగిలింది 17.4 శాతం, అంటే 0.104 ఆంపియర్లు. రెండోది 0.3 ఆంపియర్లు, వయసు 12.5, మిగిలింది 0.086. మూడోది ఏమీ ఇవ్వలేదు. నాలుగోది 0.6, దాని వయసు 2.5 మిల్లీసెకన్లే కాబట్టి 0.467 ఇంకా బతికే ఉంది. అన్నీ కలిపితే 0.657 ఆంపియర్లు. కచ్చితమైన జవాబు 0.664. నాలుగే ముక్కలతో ఒక శాతం తేడాకి వచ్చేశాం.

ఇదే నాలుగు ముక్కలను 12, 12, 6, 0 అనే వరుసలో ఇచ్చి చూడండి. మొత్తం వోల్టు-సెకన్లు మారలేదు. అయినా ఇదే పద్ధతిలో 20వ మిల్లీసెకనుకి వచ్చే కరెంటు 0.42 ఆంపియర్లే. బలమైన కుదుపులు ముందే పడి కరిగిపోయాయి. ఎంత ఇచ్చామన్నదానితో పాటు ఎప్పుడు ఇచ్చామన్నదీ సర్క్యూట్ లెక్కలో ఉంటుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ముక్కలను సన్నగా, ఇంకా సన్నగా కోస్తూ పోతే కూడిక సమాకలనంగా మారుతుంది. అదే కన్వల్యూషన్:

i(t) = ∫₀ᵗ v(λ) h(t−λ) dλ

ఇందులో λ అనేది కుదుపు పడిన వేళ, t మనం చూస్తున్న వేళ. t−λ మనం ఇందాక లెక్కించిన వయసే. తరగతిలో దీన్ని "h ని తిప్పి జరపడం" అని బొమ్మ గీసి చెబుతారు. ఎందుకు తిప్పాలో తెలియక చాలామంది h(λ) అనే రాసేస్తారు. అలా రాస్తే అందరికన్నా పాత కుదుపుకి ఎక్కువ బరువు, తాజా కుదుపుకి తక్కువ బరువు పడతాయి. మన ఉదాహరణలో జవాబు 0.71 అవుతుంది. అంకె చూస్తే అనుమానం రాదు, అందుకే ఏ ముక్క ఎంత ఇస్తోందో విడివిడిగా చూసుకోవాలి.

ఇంకో తప్పు సమాకలన హద్దుల్లో జరుగుతుంది. 12 వోల్టులు 20 మిల్లీసెకన్లు ఉండి ఆగిపోయాయనుకోండి. అప్పటికి కరెంటు 1.04 ఆంపియర్లు. 30వ మిల్లీసెకను దగ్గర అడిగితే సమాకలనం 0 నుంచి 20 దాకానే చేయాలి, ఆ తర్వాత వోల్టేజి లేదు కదా. సరైన జవాబు 0.38. హద్దుని 30 దాకా లాగితే 1.14 వస్తుంది. సరఫరా ఆగాక కూడా కరెంటు పెరిగినట్టు కనిపిస్తే తప్పు ఇక్కడే ఉందని అర్థం. h(t) సరిగా రాశామా అన్నదానికీ సులువైన పరీక్ష ఉంది: దాని మొత్తం వైశాల్యం 1/R రావాలి. మన కాయిల్‌కి అది 0.1, కాబట్టి 12 వోల్టులు నిలకడగా ఉంటే చివరికి 1.2 ఆంపియర్లు.

ఈ లెక్క మొదట్లో కాయిల్‌లో కరెంటు లేదని అనుకుంటుంది. అప్పటికే I₀ కరెంటు పారుతుంటే దానికి I₀ e^(−Rt/L) విడిగా కలపాలి. కాయిల్ స్వభావం మారకూడదన్నది మరో షరతు. ఇనుప కోర్ సంతృప్తమైతే, లేదా సోలినాయిడ్‌లో ప్లంజర్ కదిలితే L మారిపోతుంది. ఇక ఒక h తో ముక్కలన్నిటినీ కూడడం కుదరదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఏమరుపాటు జరిగేది స్విచ్ దగ్గర. లెక్కలో "సున్నా వోల్టులు" అంటే కరెంటు తిరగడానికి దారి ఉండి, వోల్టేజి మాత్రమే సున్నా అయిందని. స్విచ్ తెరిస్తే ఆ దారే తెగిపోతుంది, సర్క్యూటే మారిపోతుంది. కాయిల్ కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు కాబట్టి స్విచ్ కొసల మధ్య వోల్టేజి విపరీతంగా లేచి మెరుపు వస్తుంది. అందుకే రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ పెడతారు. దాంతో కరెంటుకి దారి దొరుకుతుంది. అయితే డయోడ్ మీద సుమారు 0.7 వోల్టులు పడతాయి, అవి కాయిల్ కరెంటుని తగ్గించే దిశలోనే పనిచేస్తాయి. కాబట్టి కరెంటు పారుతున్నంతసేపూ ఆ వ్యవధిలో v(λ) స్థానంలో సున్నా బదులు −0.7 వేయాలి.