పావుగంటలో ముగియని పావుగంట పని

ఒక మందుల హోల్‌సేల్ సంస్థను ఊహించుకుందాం. ఏ మందు ఎంత నిల్వ ఉందో అక్కడి కంప్యూటర్ పావుగంటకోసారి లెక్కగట్టి కౌంటర్లలోని తెరల మీద చూపిస్తుంది. లైనక్స్ సర్వర్లలో ఇలాంటి పనులను వేళకు మొదలుపెట్టేది ‘క్రాన్’ అనే చిన్న ప్రోగ్రాం. బడిలో గంట కొట్టే మనిషి గడియారం చూస్తాడు గానీ తరగతిలో పాఠం అయిందో లేదో చూడడు. క్రాన్ తీరూ అంతే. వేళ అయితే చాలు, ముందుసారి మొదలుపెట్టిన లెక్క ఇంకా నడుస్తున్నా కొత్తదాన్ని మొదలుపెట్టేస్తుంది.

మొదట్లో ఈ లెక్క మూడు నిమిషాల్లో అయిపోయేది. అప్పటికి పట్టికలో 20 లక్షల బిల్లు వరుసలున్నాయి. లెక్క ప్రతిసారీ మొదటి బిల్లు నుంచి అన్నీ చదువుతుంది. నెలకు 5 లక్షల వరుసలు చేరుతున్నాయి. లక్ష వరుసలకు 9 సెకన్ల చొప్పున నెలనెలా 45 సెకన్లు పెరుగుతాయి. ఇంత నెమ్మదిగా పెరిగేది ఎవరి కంటా పడదు. అందుకే ప్రతిసారీ ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోవాలి. దానికి నాలుగు వరుసలు చాలు:

```
s=$(date +%s); echo "START $s" >> time.log
./stock.sh; rc=$?
e=$(date +%s)
echo "END $s $e $((e-s)) $rc" >> time.log
```

మొదలైన వేళను ముందే విడిగా రాయడానికి కారణం ఉంది. మధ్యలో ఇరుక్కుపోయిన లెక్క చివరి వరుస రాయదు. మొదలు ఉండి ముగింపు లేకపోతే అది ఇరుక్కుపోయిందని పట్టుకోవచ్చు. చివరన ఉన్న `rc` కూడా అవసరమే. డేటాబేస్ అందక రెండు సెకన్లలో ఆగిపోయిన లెక్కను కూడా కలిపితే పని వేగంగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి అక్కడ సున్నా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. వీటితోపాటు ఆ రోజు ఎన్ని వరుసలు చదివిందో కూడా రాసుకుంటే మరీ మంచిది.

ఇక గడువు ఎప్పుడు ముగుస్తుంది? పావుగంట అంటే 900 సెకన్లు. మొదట పట్టింది 180. మిగిలిన 720 సెకన్లను నెలకు 45 చొప్పున భాగిస్తే 16 నెలలు వస్తుంది. సగటు చూసేవారికి వచ్చే జవాబు ఇది. నా దృష్టిలో ఇది ప్రమాదకరమైన జవాబు. నెలాఖరున అకౌంట్స్ వాళ్లు అదే డేటాబేస్ నుంచి పెద్ద పెద్ద రిపోర్టులు తీస్తారు. ఆ రెండు మూడు రోజులూ మన లెక్కకు ఒకటిన్నర రెట్లు సమయం పడుతుందనుకుందాం. అప్పుడు మామూలు రోజున 600 సెకన్లకు చేరగానే నెలాఖరున 900 తాకుతుంది. అది తొమ్మిది నెలలు దాటగానే జరుగుతుంది. ఢీకొట్టేది సగటు రోజు కాదు, అన్నిటికన్నా బరువైన రోజు. గీత గీయాల్సింది కూడా రోజులో ఎక్కువసేపు పట్టిన లెక్కకే.

ఆ తొమ్మిది నెలలూ నమ్మకమైనవి కావు. ఆరో నెల చివరికి 50 లక్షల వరుసలయ్యాయి. పాత చొప్పున 450 సెకన్లు పట్టాలి. చిట్టాలో మాత్రం 550 ఉంది. అంటే లక్షకు 9 కాదు, 11 సెకన్లు. పట్టిక పెరిగిపెరిగి మెమరీలో ఇమడక, డిస్క్ నుంచి చదవాల్సి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. వరుసల సంఖ్యతో సమయాన్ని భాగించి చూసుకోమనేది ఇందుకే. ఆ చొప్పు నిలకడగా ఉంటే పెరుగుదల తిన్నగా సాగుతున్నట్టు. చొప్పే పెరుగుతుంటే పాత అంచనా చెల్లదు. కొత్త చొప్పున ఏడో నెలకు 55 లక్షల వరుసలకు 605 సెకన్లు, నెలాఖరున 900 పైనే. పదహారు నెలలనుకున్న గడువు ఏడు నెలలకే తీరిపోయింది.

ఒకసారి ఢీకొన్నాక పరిస్థితి మెల్లగా చెడదు. రెండు లెక్కలు ఒకే డిస్క్ కోసం పోటీపడి రెండూ ఆలస్యమవుతాయి, అంతలో మూడోది మొదలవుతుంది. పైగా ముందు మొదలై ఆలస్యంగా ముగిసిన లెక్క, కొత్త అంకెల మీద పాత అంకెలు రాసేస్తుంది. అయిపోయిన మందు ఉన్నట్టు కౌంటర్‌లో కనిపిస్తుంది.

దీన్ని ఆపడానికి చాలామంది తాళం వేస్తారు:

```
*/15 * * * * cd /opt/stock && flock -n /tmp/stock.lock /opt/stock/run.sh
```

ముందుది నడుస్తుంటే కొత్తది మొదలుకాకుండానే వెనుదిరుగుతుంది. తాళం ఉండాల్సిందే. అయితే అది గొడవను ఆపుతుంది గానీ ఆలస్యాన్ని తగ్గించదు. నిల్వ అంకెలు ఇప్పుడు అరగంట పాతవి అవుతాయి, ఏ ఫిర్యాదూ రాదు. పై చిట్టా `run.sh` లోపలే ఉంటే రోజుకు 96 ప్రారంభాలు కనబడాలి. 90 కనబడితే ఆరుసార్లు లెక్క జరగలేదన్నమాట.

అసలు మందు, ప్రతిసారీ మొదటి బిల్లు నుంచి చదవడం మానేయడమే. పోయినసారి తర్వాత చేరినవీ మారినవీ మాత్రమే చదివితే సమయం మొత్తం పట్టిక మీద కాక, ఆ పావుగంట వ్యాపారం మీద ఆధారపడుతుంది. ఇక్కడ బిల్లు తేదీని కాక, వరుస చివరిసారి మారిన వేళను పట్టుకోవాలి. లేదంటే నిన్నటి తేదీతో ఇవాళ దిద్దిన బిల్లు జారిపోతుంది. అయినా జారిపోయేవి కొన్ని ఉంటాయి గనుక రాత్రి దుకాణం మూశాక ఒకసారి పూర్తి లెక్క నడపాలి. దానికీ పొద్దున తలుపులు తెరిచే వేళే గడువు. ఆ సమయాన్నీ అదే చిట్టాలో రాయాలి.