ఉండిపొమ్మంటే రిక్రూటర్‌కు ఏం చెప్పాలి?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలా చోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. రాజీనామా మెయిల్ పెట్టాక కూడా ఉద్యోగి మూడు నెలలు అదే సీట్లో కూర్చోవాలి. ఈలోగా మేనేజర్ పిలిచి "ఎంతిస్తే ఉంటావ్?" అని అడగడం మామూలే. అదే కౌంటర్ ఆఫర్. అవతల కొత్త కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి ఎదురుచూస్తుంటుంది. రిక్రూటర్ వారం వారం ఫోన్ చేస్తుంటారు. చాలామంది తడబడేది ఆ ఫోన్ ఎత్తినప్పుడే.

ఒక టెస్టింగ్ ఇంజినీర్‌ను ఊహించుకుందాం. ఆమె ఇప్పటి జీతం ఏడాదికి 12 లక్షలు. కొత్త కంపెనీ 18 లక్షలు ఇస్తానంది, అందులో 2 లక్షలు వేరియబుల్ పే. రాజీనామా చేసిన పది రోజులకు పాత కంపెనీ పదహారున్నర లక్షలు అంది. పైకి తేడా లక్షన్నరే. కానీ పాత కంపెనీ చెప్పిన దాంట్లో లక్షన్నర రిటెన్షన్ బోనస్. ఏడాదిలోపు మానేస్తే దాన్ని తిరిగి కట్టాలన్న షరతు ఉంది, పైగా అది ఒక్కసారి ఇచ్చేదే. ఈ రెండూ పక్కన పెడితే నికరంగా మిగిలేవి అక్కడ 16 లక్షలు, ఇక్కడ 15 లక్షలు. రిక్రూటర్‌తో మాట్లాడేముందు ఆమె చేతిలో ఉండాల్సిన లెక్క ఇదే.

ఇంకోటి ఉంది. మేనేజర్ నోటిమాటగా అన్నది ఇంకా ఆఫర్ కాదు. హెచ్‌ఆర్ నుంచి కొత్త జీతం, అమలు తేదీ రాసిన లెటర్ రావాలి. రాజీనామా ఉపసంహరణకు ఒప్పుకున్నట్టు మెయిల్ కూడా రావాలి. రాజీనామాను ఒకసారి ఆమోదించాక వెనక్కి తీసుకోనివ్వాలా వద్దా అన్నది చాలావరకు కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఈ రెండు కాగితాలూ రాకముందే కొత్త ఆఫర్‌కు నో చెప్పేస్తే రెండూ చేజారే ప్రమాదం ఉంది.

రిక్రూటర్ ఎవరో కూడా చూసుకోవాలి. ఏజెన్సీ మనిషైతే, అభ్యర్థి చేరితేనే ఏజెన్సీకి ఫీజు. వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత, మన దగ్గర తరచూ వినిపించే లెక్క. కాబట్టి కౌంటర్ ఆఫర్ మాట వినగానే ఒత్తిడి చేయడం సహజం. దానికి నొచ్చుకోనక్కర్లేదు. అయితే ఆఫర్ లెటర్ ఇచ్చింది కంపెనీ కనుక, తుది నిర్ణయాన్ని అక్కడి హెచ్‌ఆర్‌కూ మెయిల్ చేయాలి.

"మా వాళ్లు జీతం పెంచుతామంటున్నారండీ" అని చెప్పి ఊరుకుంటే రిక్రూటర్‌కు అది బేరంలాగే వినిపిస్తుంది. బేరం ఉద్దేశం లేనప్పుడు ఆ ముక్క విడిగా చెప్పాలి. మన ఇంజినీర్ కొత్త కంపెనీకే వెళ్లాలనుకుంటే ఇలా అనవచ్చు: "ఉండిపొమ్మని జీతం పెంచుతామన్నారండీ. నేను వద్దన్నాను. మీ ఆఫర్ పెంచమని అడగడానికి కాదు, మీకు తెలియాలని చెబుతున్నాను. అనుకున్న తేదీకే చేరతాను." ఆ తర్వాత చివరి పనిదినం ఖరారైన మెయిల్‌ను పంపితే రిక్రూటర్ అనుమానం తీరుతుంది.

ఉండిపోవాలని తేల్చుకుంటే మొదటి వాక్యంలోనే నిర్ణయం రావాలి. "మీ ఆఫర్‌ను వదులుకుంటున్నానండీ. ఇక్కడే కొనసాగుతున్నాను. నేను కోరుకున్న ఆటోమేషన్ టీమ్‌లోకి మార్చారు, లెటర్ కూడా వచ్చింది. ఆఫర్ పెంచినా నా నిర్ణయం మారదు, ఆ స్థానానికి వేరేవాళ్లను చూసుకోండి." ఈ చివరి వాక్యం లేకపోతే మరో నాలుగు ఫోన్లు వస్తాయి. ఇంట్లో ఒప్పుకోలేదనో, ఆరోగ్యం బాగాలేదనో కట్టుకథలు చెప్పడం అనవసరం.

ఎటూ తేలకపోతే గడువు తానే చెప్పాలి: "లెటర్ రేపు వస్తుందన్నారు. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఖాయంగా చెబుతాను." ఆ గంట దాటనివ్వకూడదు.

నిజంగానే జీతం పెంచమని అడగాలనుకుంటే సూటిగా అడగడం తప్పు కాదు. ఎంత కావాలో, అంత ఇస్తే తప్పక చేరతానో లేదో ఒకేసారి చెప్పాలి. లేని కౌంటర్ ఆఫర్‌ను సృష్టించడం మాత్రం ఘోరమైన తప్పు. లెటర్ చూపించమని అడిగితే సమాధానం ఉండదు, పే స్లిప్పులు, నేపథ్య తనిఖీలు ఎలాగూ ఉన్నాయి.

అన్నిటికంటే హాని చేసేది ఫోన్ ఎత్తకుండా చేరాల్సిన రోజు మాయమవడం. చాలా కంపెనీల నియామక సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు పక్కన చేరలేదన్న గుర్తు మిగులుతుంది, రెండేళ్ల తర్వాత దరఖాస్తు చేసినా కనిపించవచ్చు. అందుకే నిర్ణయం తీసుకున్న రోజే రిక్రూటర్‌కు ఫోన్ చేయండి, అదే మాటను సాయంత్రంలోపు మెయిల్‌లో పెట్టండి.