మార్చి 23న అమ్మేసిన లెక్కల టీచర్

2020 జనవరి 14న నిఫ్టీ 12,362 దగ్గర ముగిసింది. మార్చి 23కల్లా 7,610కి పడిపోయింది. రెండు నెలల కాస్త పైచిలుకులో నూటికి ముప్పై ఎనిమిది వంతులు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ చివరి రోజు ఒక్కదానిలోనే సెన్సెక్స్ 3,934 పాయింట్లు కోల్పోయింది. ఉదయమే పది శాతం పతనం దాటడంతో ట్రేడింగ్‌ను నలభై అయిదు నిమిషాలు ఆపేశారు. మళ్లీ మొదలయ్యాక కూడా పతనం ఆగలేదు.

అలాంటి రోజున అమ్మితే ఏమవుతుందో ఒక కల్పిత కథతో చూడవచ్చు. ఇందులో మనిషి కల్పితం, సూచీ అంకెలు మాత్రం నిజమైనవి. గుంటూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఆమె లెక్కల టీచర్. నిఫ్టీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో ఆమె సొమ్ము జనవరి మధ్యలో ఆరు లక్షలు. లెక్క తేలికగా ఉండటానికి యూనిట్ ధరను నిఫ్టీలో నూరో వంతు అనుకుంటే, 123.62 రూపాయల చొప్పున ఆమె దగ్గర 4,853 యూనిట్లున్నాయి.

మార్చి 23 మధ్యాహ్నం ఫోన్‌లో ఆమెకు కనిపించింది యూనిట్ల సంఖ్య కాదు, ఎర్రరంగులో తరిగిపోతున్న మొత్తం. తోటి టీచర్ ఫోన్ చేసి, "మేడమ్, ఉన్నదైనా తీసేసుకోండి, రేపు ఇదీ ఉండదు" అంది. ఆమె అమ్మకపు ఆర్డర్ పెట్టింది. ఫండ్‌లో గడువు వేళలోపు ఇచ్చిన ఆర్డర్‌కు ఆ రోజు ముగింపు విలువే వర్తిస్తుంది. అంటే ఎంత ధరకు అమ్ముతున్నదో ఆర్డర్ పెట్టేటప్పుడు ఆమెకు తెలియదు. 76.10 చొప్పున సుమారు 3 లక్షల 69 వేలు వచ్చాయి.

అసలు నష్టం ఆ తరవాత జరిగింది. మార్కెట్ కాస్త కుదుటపడ్డాక తిరిగి కొందామని ఆమె అనుకుంది. ఏప్రిల్ 7న సెన్సెక్స్ ఒక్కరోజే 2,476 పాయింట్లు ఎగసింది. అప్పటికి కరోనా కేసులు పెరుగుతూనే ఉన్నాయి, లాక్‌డౌన్ కొనసాగుతోంది. వార్తలు బాగుపడేదాకా ఆగినవారికి మార్కెట్ ఆగలేదు. నవంబర్ 9న నిఫ్టీ పాత శిఖరాన్ని దాటి 12,461 దగ్గర ముగిశాక ఆమెకు ధైర్యం వచ్చింది. అదే సొమ్ముకు అప్పుడు వచ్చినవి 2,964 యూనిట్లు. ధర మునుపటి చోటికి చేరింది కానీ, 1,889 యూనిట్లు పోయాయి. కదలకుండా ఉంటే 2021 మార్చి ఆఖరుకు ఆ ఆరు లక్షలు ఏడు లక్షల పైచిలుకయ్యేవి.

ఇక్కడ ఆమెకు గుండె దిటవు లేదని తేల్చేయడం అన్యాయం. ఆ ఆరు లక్షల్లో లక్షన్నర కూతురి ఇంజినీరింగ్ ఫీజు. కొద్ది నెలల్లో కట్టాల్సింది. ఆ డబ్బు మార్కెట్లో ఉన్నంతకాలం ఏ పతనమైనా ఆమెకు నిజమైన ప్రమాదమే. ఫీజుకు పుట్టిన భయం మొత్తం సొమ్మును అమ్మించింది. ఓర్పు స్వభావం కంటే డబ్బును ఏర్పాటు చేసుకున్న తీరుమీదే ఎక్కువ ఆధారపడుతుందని ఈ లెక్క చెబుతుంది.

ఆమె తరవాత చేసిన మార్పులు చిన్నవి. మూడేళ్లలో అవసరమయ్యే డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చింది. ఆరు నెలల ఇంటి ఖర్చును విడిగా పొదుపు ఖాతాలో ఉంచింది. జీతం పడిన మర్నాడు పదివేలు సిప్ రూపంలో ఫండ్‌లోకి వెళ్లేలా పెట్టింది. నోట్‌బుక్ మొదటి పేజీలో మొత్తం విలువ రాయడం మానేసి, ప్రతి నెలా చేరిన యూనిట్లు రాయసాగింది.

పరీక్ష 2022లో వచ్చింది. 2021 అక్టోబర్‌లో 18,477 దగ్గర ముగిసిన నిఫ్టీ, 2022 జూన్ 17న 15,293కి దిగింది. శిఖరం నాటి ధరకు పదివేలకు 54 యూనిట్లు వచ్చేవి. జూన్‌లో ఆ అడుగు ధరకు 65 వచ్చేవి. కూతురి ఫీజు డిపాజిట్‌లో సిద్ధంగా ఉంది కాబట్టి ఆమె ఈసారి ఏదీ అమ్మలేదు, సిప్ ఆపలేదు.

ఈ ఓర్పుకు హద్దులున్నాయి. ఇక్కడ ఫలించింది యాభై పెద్ద కంపెనీల సూచీ విషయంలో. ఒక్క కంపెనీ షేరు పడితే అది ఎన్నటికీ లేవకపోవచ్చు. అప్పు తెచ్చి పెట్టిన డబ్బుకు ఎదురుచూసే వ్యవధే ఉండదు. సూచీ కూడా త్వరగా కోలుకుంటుందన్న హామీ లేదు. 1989 చివరలో తాకిన శిఖరాన్ని జపాన్ నిక్కీ మళ్లీ దాటింది 2024లోనే. అందువల్ల రిటైర్‌మెంట్ దగ్గరపడిన టీచర్‌కూ, ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న టీచర్‌కూ మార్కెట్లో ఉంచదగిన వాటా ఒకటి కాదు.