సగం నిండిన రోడ్డే ఎక్కువ బండ్లను దాటిస్తుంది

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన, పంతంగి టోల్ ప్లాజాకు కాస్త ముందు ఒకాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడనుకుందాం. ఎదురుగా ఉన్న ఒక్క లేన్‌లో గంటకు ఎన్ని బండ్లు దాటుతున్నాయో లెక్కపెట్టడం ఆయన పని. మామూలు రోజున ఉదయం లెక్కపెడితే 1280 వచ్చింది. సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం లెక్కపెడితే అప్పుడూ 1280 వచ్చింది. కాగితం మీద ఆ రెండు గంటలకూ తేడా లేదు. ఉదయం మాత్రం బండ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో సాఫీగా సాగిపోయాయి. సాయంత్రం 16 కిలోమీటర్ల వేగంతో పాకాయి. అదే రోడ్డు, అదే లెక్క. ఉదయం ఎవరికీ ఇబ్బంది లేదు, సాయంత్రం పిల్లాపాపలతో బయల్దేరినవాళ్లకు నరకం.

ఈ అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవే. కానీ ఇలాంటి జంట గంటలు ప్రతి రద్దీ రోడ్డు మీదా కనిపిస్తాయి. ఒకే లెక్క రెండు వేర్వేరు స్థితుల్లో ఎందుకు వస్తుందో అర్థమైతే, ఒక రోడ్డు గంటకు గరిష్ఠంగా ఎన్ని బండ్లను దాటించగలదో కూడా కనుక్కోవచ్చు.

ఇందుకు మూడు కొలతలు కావాలి. ఒక చోట నిలబడి చూస్తే గంటకు దాటే బండ్ల సంఖ్య ప్రవాహం. ఒక క్షణంలో పైనుంచి ఫొటో తీస్తే కిలోమీటరు పొడవున కనిపించే బండ్ల సంఖ్య సాంద్రత. మూడోది వేగం. ఈ మూడింటినీ కలిపే సూత్రానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. బండ్లన్నీ 64 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయంటే, గంటలో మన ముందు నుంచి 64 కిలోమీటర్ల పొడవైన బారు దాటిపోతుంది. ఆ బారులో కిలోమీటరుకు 20 బండ్లుంటే మొత్తం 64 ఇరవైలు, అంటే 1280. ప్రవాహాన్ని q, సాంద్రతను k, వేగాన్ని v అనుకుంటే:

q = k × v

సాయంత్రం వేగం 16, ప్రవాహం 1280. కాబట్టి అప్పటి సాంద్రత 80. కిలోమీటరుకు 20 బండ్లు ఉన్న చోట 80 చేరాయి. నాలుగు రెట్ల బండ్లు, నాలుగో వంతు వేగం. అందుకే గుణిస్తే అదే అంకె వచ్చింది.

రోడ్డు మీద బండ్లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందని డ్రైవర్లందరికీ తెలుసు. ఏ లెక్కన తగ్గుతుందన్నదే ప్రశ్న. 1930లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ఇంజినీరు దీన్ని కొలిచే ప్రయత్నం చేశాడు. రోడ్డు పక్కన సినిమా కెమెరా పెట్టి, సమానమైన వ్యవధుల్లో ఫొటోలు తీశాడు. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య కారు ఎంత ముందుకు జరిగిందో చూస్తే వేగం తెలుస్తుంది. 1935లో అచ్చయిన వ్యాసంలో ఆయన సాంద్రత, వేగాల మధ్య ఒక సరళరేఖ గీశాడు. ఖాళీ రోడ్డు మీద వేగం గరిష్ఠంగా ఉంటుంది, బండ్లు చేరినకొద్దీ ఒకే వాలుతో దిగుతుంది, రోడ్డు పూర్తిగా కిక్కిరిసినప్పుడు సున్నా అవుతుంది. ట్రాఫిక్ ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ మొదట నేర్చుకునేది ఈ గీతనే.

మన కుర్చీ ఆయన కొలతలతో ఆ గీత గీద్దాం. ఉదయం సాంద్రత 20 ఉన్నప్పుడు వేగం 64. ఇంకో రోజు ఆయన ప్రవాహం 1920, వేగం 32 అని రాసుకున్నాడు. 1920ని 32తో భాగిస్తే సాంద్రత 60. సాంద్రత 20 నుంచి 60కి, అంటే 40 పెరిగేసరికి వేగం 64 నుంచి 32కి, అంటే 32 తగ్గింది. కిలోమీటరుకు ఒక్కో బండి అదనంగా చేరినప్పుడల్లా వేగం 0.8 చొప్పున తగ్గుతోందన్నమాట. అదే వాలుతో వెనక్కి లెక్కకడితే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పటి వేగం 64కు 16 కలిపి 80. ముందుకు లెక్కకడితే, వేగం సున్నా అయ్యేది సాంద్రత 100 దగ్గర. కిలోమీటరులో 100 బండ్లంటే ఒక్కో బండికి 10 మీటర్ల జాగా. కార్ల మధ్య కొన్ని లారీలు కూడా ఆగి ఉన్న బారుకు ఇది నమ్మదగిన కొలతే. గీత ఇదీ:

v = 80 − 0.8k

సాయంత్రం కొలతను కూడా ఇందులో పెట్టి చూడండి. k = 80 అయితే v = 16. సరిపోయింది.

ఇక కెపాసిటీ. ప్రవాహమంటే సాంద్రతను వేగంతో గుణించడమే కాబట్టి:

q = 0.8 × k × (100 − k)

ఇక్కడ k, (100 − k) అనే రెండు అంకెల మొత్తం ఎప్పుడూ 100. మొత్తం మారని రెండు అంకెల లబ్ధం ఎప్పుడు ఎక్కువ? 10ని 90తో గుణిస్తే 900. 30ని 70తో గుణిస్తే 2100. 50ని 50తో గుణిస్తే 2500. 70ని 30తో గుణిస్తే మళ్లీ 2100. రెండూ సమానమైనప్పుడే లబ్ధం గరిష్ఠం. 2500ను 0.8తో గుణిస్తే 2000. ఈ లేన్ కెపాసిటీ గంటకు 2000 బండ్లు. అప్పుడు సాంద్రత 50, వేగం 40. కిక్కిరిసే సాంద్రతలో సగం, ఖాళీ రోడ్డు వేగంలో సగం.

సాంద్రత 50 దాటాక జరిగేది గమనించండి. సాంద్రత 60 అయితే ప్రవాహం 1920. 80 అయితే 1280. 100 అయితే సున్నా. రోడ్డు మీద బండ్లు పెరుగుతుంటే దాటే బండ్లు తగ్గుతున్నాయి. సగం దాకా కొత్తగా వచ్చిన ప్రతి బండీ ప్రవాహాన్ని పెంచుతుంది. సగం దాటాక వచ్చే ప్రతి బండీ తన వెనకున్నవాళ్ల వేగాన్ని ఎంత లాగేస్తుందంటే, మొత్తం మీద రోడ్డుకే నష్టం.

కొలిచేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది సగటు వేగం దగ్గర. గంటకు 1200 బండ్లలో 600 బండ్లు 40 వేగంతో, 600 బండ్లు 80 వేగంతో దాటాయనుకోండి. సగటు 60 అని చటుక్కున చెప్పేస్తాం. ఆ లెక్కన సాంద్రత 20 రావాలి. కానీ నిదానంగా పోయే 600 బండ్లు కిలోమీటరుకు 15 చొప్పున ఉంటాయి, వేగంగా పోయేవి 7.5 చొప్పున. మొత్తం 22.5. 1200ను 22.5తో భాగిస్తే వేగం 53.3. నిదానంగా పోయే బండి రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటుంది, అందుకే సగటులో దాని వాటా ఎక్కువ. ఒక చోట నిలబడి స్పీడ్ గన్‌తో తీసిన మామూలు సగటును సూత్రంలో పెడితే సాంద్రత అసలు కంటే తక్కువగా వస్తుంది.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. బారు తీరిన చోట లెక్కపెట్టి, అదే రోడ్డు కెపాసిటీ అనుకోవడం. సంక్రాంతి సాయంత్రానికి మళ్లీ వెళ్దాం. ముందున్న టోల్ ప్లాజాలో రెండు లేన్ల బండ్లకు 8 బూత్‌లు తెరిచారనీ, ఒక్కో బండి దాటడానికి 11 సెకన్లు పడుతోందనీ అనుకుందాం. ఒక్కో బూత్ గంటకు దాదాపు 327 బండ్లను పంపుతుంది. ఎనిమిదింటికీ కలిపి సుమారు 2600, అంటే లేన్‌కు 1300. కుర్చీ ఆయన సాయంత్రం రాసుకున్న 1280 దీనికి దగ్గరి అంకె. ఆయన కొలిచింది తన ముందున్న రోడ్డు శక్తిని కాదు, దూరాన ఉన్న బూత్‌ల శక్తిని. రోడ్డు 2000 బండ్లను దాటించగలిగి కూడా బూత్ వదిలినన్నే వదులుతోంది. ఈ సంగతి పట్టించేది వేగమే. లెక్క కెపాసిటీ కంటే తక్కువగా ఉండి, వేగం కూడా 40 కంటే తక్కువగా ఉంటే, ఇరుకు ముందెక్కడో ఉందని అర్థం. అక్కడ లేన్ వెడల్పు చేసి ప్రయోజనం లేదు.

సరళరేఖకు హద్దులున్నాయి. గ్రీన్‌షీల్డ్స్ గీత ఏడు బిందువుల మీద నిలబడింది. రద్దీ స్థితిని చూపే బిందువు అందులో ఒక్కటే, అదీ వేరే రోడ్డు నుంచి తెచ్చింది. నేటి ఎక్స్‌ప్రెస్‌వేల మీద కొలిస్తే ప్రవాహం చాలా పెరిగేదాకా వేగం దాదాపు తగ్గదు. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. అమెరికా వాళ్ల హైవే కెపాసిటీ మాన్యువల్ ప్రకారం మంచి ఫ్రీవే లేన్ గంటకు 2400 కార్ల వరకు దాటిస్తుంది. అప్పటి సాంద్రత కిలోమీటరుకు దాదాపు 28 కార్లు, వేగం 85 కిలోమీటర్ల పైనే. కిక్కిరిసే సాంద్రతలో సగం కంటే ఇది బాగా తక్కువ. అంటే అసలు రోడ్డు మీద అంచు సరళరేఖ చెప్పినదానికంటే ముందే వస్తుంది. మన రోడ్లకు ఇంకో చిక్కుంది. లారీ, ఆటో, బైకు ఒకే జాగా తీసుకోవు. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి మార్గదర్శకంలో కారును 1గా, లారీని లేదా బస్సును 3గా, బైకును 0.5గా లెక్కగట్టింది. 80 కార్లు, 20 లారీలు కలిసిన వంద బండ్లు ఈ లెక్కలో 140 కార్లతో సమానం. బండ్ల కలయిక మారితే గీత మళ్లీ గీయాల్సిందే.

గీత వంకరైనా, మలుపు ఎక్కడున్నా, కొండ ఆకారం మాత్రం నిలుస్తుంది. శిఖరం దాటితే దిగుడే. ఈ మాట మీద కట్టిన ఏర్పాటు ఒకటుంది. అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల్లో ఫ్రీవేలోకి ఎక్కే దారుల దగ్గర చిన్న సిగ్నళ్లు బండ్లను ఒక్కొక్కటిగా వదులుతాయి. ఊరికే ఆపుతున్నారని జనం మండిపడడంతో 2000 సంవత్సరం చివర్లో దాదాపు 430 సిగ్నళ్లను కొన్ని వారాలు ఆపేసి చూశారు. బండ్లన్నీ స్వేచ్ఛగా ఫ్రీవే ఎక్కాయి. ఫ్రీవే మోసిన ట్రాఫిక్ 9 శాతం తగ్గింది, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది. గేటు దగ్గర కొద్దిసేపు ఆపినందువల్లే అంతకుముందు ఎక్కువమంది త్వరగా వెళ్లగలిగారన్నమాట.

కుర్చీ ఆయన పుస్తకంలో బండ్ల సంఖ్య పక్కన ఇంకో గడి గీసి వేగం రాయించాలి. ఉదయం గంట పక్కన 64, సాయంత్రం గంట పక్కన 16 ఉంటే, ఆ రెండు 1280లు ఒక్కటి కాదని ఎవరికైనా కనిపిస్తుంది.