అతికిస్తే బొమ్మ, ఎంచుకుంటే ఫైలు

అద్దె వేసినట్టు ఇంటి ఓనరుకు రుజువు పంపాలి. కంప్యూటర్లో బ్యాంకు పేజీ తెరిచే ఉంది. విండోస్‌లో Win+Shift+S నొక్కితే తెర మసకబారుతుంది. అద్దె ఉన్న ఆ ఒక్క వరుస చుట్టూ మౌస్‌తో గడి గీస్తే ఆ ముక్క క్లిప్‌బోర్డులోకి చేరుతుంది. వాట్సాప్ చాట్‌లో Ctrl+V కొడితే, పంపేముందు చూసుకోవడానికి ప్రివ్యూ వస్తుంది. పైనున్న బ్యాలెన్సు గానీ, కిందున్న ఆసుపత్రి ఖర్చు గానీ ఆ బొమ్మలో అసలు లేవు.

ఫోన్లో చాలామంది ఇంకోలా చేస్తారు. మొత్తం తెరను స్క్రీన్‌షాట్ తీసి, కత్తిరించి, సేవ్ చేసి, గ్యాలరీలోంచి ఎంచుకుంటారు. ఇక్కడ వెళ్లేది ఒక ఫైలు. ఫైలులో కంటికి కనిపించనిది కూడా ఉండొచ్చు.

2023 మార్చిలో సరిగ్గా ఇదే బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ ఎడిటర్, కత్తిరించిన చిన్న బొమ్మను పాత ఫైలు మీదే రాసేది, మిగిలిన తోకను మాత్రం చెరిపేది కాదు. పాత క్యాసెట్ మీద చిన్న పాట రికార్డు చేస్తే, అది అయిపోయాక వెనకటి పాట వినిపించినట్టే. ఆ తోకలోంచి, కత్తిరించి తీసేశామనుకున్న భాగాన్ని చాలావరకు తిరిగి రాబట్టవచ్చని సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ చూపించారు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ, సేవ్ చేసిన ఫైలును కత్తిరించి దాని మీదే మళ్లీ సేవ్ చేస్తే ఇదే లోపం కనిపించింది. అప్‌డేట్లతో రెండూ సరిచేశారు. కానీ అంతకుముందే పంపిన ఫైళ్లను ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. ఫొటోను కుదించి కొత్తగా తయారుచేసే చాట్ యాప్‌లలో ఆ తోక రాలిపోతుంది. ఫైలును ఉన్నదున్నట్టు పంపితే అదీ వెళ్తుంది.

అలాగని క్లిప్‌బోర్డును గుడ్డిగా నమ్మలేం. మామూలుగా అందులో ఉండేది చివరగా కాపీ చేసిన ఒక్కటే. స్క్రీన్‌షాట్ తీశాక ఖాతా నంబరు కాపీ చేస్తే, Ctrl+V కొట్టినప్పుడు వచ్చేది నంబరే. Win+V నొక్కి చరిత్రను ముందే ఆన్ చేసి ఉంచుకుంటే, పోయిందనుకున్న బొమ్మ ఆ జాబితాలో దొరుకుతుంది. ఇంకో సంగతి, ఇప్పటి విండోస్ 11 ఆ ముక్కను Screenshots ఫోల్డర్‌లో కూడా దాచిపెడుతుంది. ఎక్కడా మిగలకూడదనుకుంటే అక్కడికీ వెళ్లి తుడిచేయాలి. ఐఫోన్లో ఐఓఎస్ 16 నుంచి పని తేలిక: స్క్రీన్‌షాట్ తెరిచి, అక్కడే కత్తిరించి, Done నొక్కి Copy and Delete ఎంచుకుంటే బొమ్మ క్లిప్‌బోర్డులో ఉంటుంది, గ్యాలరీలో ఉండదు.

సన్నని అక్షరాలున్న పట్టిక పంపాల్సి వస్తే మాత్రం నేను గ్యాలరీ పక్షమే. ఫొటోగా వెళ్తే వాట్సాప్ కుదించేసి అంకెల అంచులు మసకబారుస్తుంది. ఆ ఫైలునే డాక్యుమెంట్‌గా జతచేస్తే, అవతలివాళ్లు పెద్దది చేసి చూసినా 3కీ 8కీ తేడా తెలుస్తుంది.