మీట కింది బొడిపె

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్ ఉంటుంది. ప్లాస్టిక్ గూడు, అందులో పైకీ కిందికీ కదిలే కాడ, దాని కింద స్ప్రింగ్, పక్కన రెండు సన్నని లోహపు రేకులు. అన్నీ కలిపినా అంతే. మీటను నొక్కనప్పుడు కాడకున్న కాలు ఒక రేకును రెండోదానికి తగలకుండా దూరంగా నెట్టి ఉంచుతుంది. నొక్కగానే ఆ కాలు కిందికి జారి అడ్డు తొలగుతుంది, రేకులు కలుస్తాయి, తెరమీద అక్షరం పడుతుంది. టైపు చేసేవారి వేలికి తెలిసే తేడా అంతా ఆ కాలి ఆకారంలోనే ఉంది.

జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980ల నుంచి తయారు చేస్తున్న ఎంఎక్స్ స్విచ్‌లలో ఎరుపు, గోధుమ, నీలం రకాలను పక్కపక్కన పెడితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మూడింటిలోనూ కాడ మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అక్షరం మాత్రం సుమారు సగం దారిలో, అంటే 2 మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది.

ఎరుపు స్విచ్‌లో కాలి అంచు నున్నగా ఉంటుంది. వేలికి స్ప్రింగ్ బరువు తప్ప మరేదీ తగలదు. సుమారు 45 గ్రాముల బరువు మోపితే చాలు. దీన్నే లీనియర్ అంటారు. గోధుమ రకంలో కాలి మీద చిన్న బొడిపె ఉంటుంది. రేకు దాన్ని దాటేటప్పుడు వేలికి ఒక చిన్న మెట్టు దిగినట్టు తెలుస్తుంది. ఇది టాక్టైల్.

నీలం స్విచ్ నిర్మాణమే వేరు. అందులో కాడ రెండు ముక్కలు. నీలిరంగు కాడ చుట్టూ తెల్లని తొడుగు ఒకటి వదులుగా ఉంటుంది, బొడిపె దాని మీదే ఉంటుంది. రేకు ఒత్తిడికి తొడుగు కాసేపు ఆగుతుంది, బొడిపె దాటగానే ఒక్కసారిగా కిందికి దూకి గూటి అడుగుకు కొట్టుకుంటుంది. ‘టిక్’మనే శబ్దం అదే. ఇది క్లికీ రకం.

అయితే శబ్దమంతా ఆ టిక్కుతోనే రాదు. వేగంగా టైపు చేసేటప్పుడు అక్షరం పడిన చోట వేలు ఆగదు. కాడ అడుగుదాకా దిగి గూటికి తగులుతుంది, వదలగానే పైకప్పుకు తగులుతుంది. అందుకే టిక్కు లేని ఎరుపు స్విచ్ కూడా బల్లమీద టకటకలాడుతుంది. ‘లీనియర్ కదా, నిశ్శబ్దంగా ఉంటుంది’ అనుకుని కొన్నవారు నిరాశపడేది ఇక్కడే. సైలెంట్ అని పేరున్న రకాల్లో కాడ తగిలే ఈ రెండు చోట్లా మెత్తని రబ్బరు లాంటి అంచు పెడతారు. నలుగురూ ఒకే హాల్లో కూర్చునే ఆఫీసుకూ, మైకు తెరిచి మాట్లాడే పనికీ తగినవి ఇవే. గోధుమ రకమూ పనికొస్తుంది, కానీ తేలిగ్గా నొక్కే అలవాటున్నవారి చేతిలోనే. నీలం స్విచ్ తలుపు వేసుకున్న సొంత గదికి బాగుంటుంది. అక్కడ దాని టిక్కు రాసేవారికి నిజమైన ఆనందమే.

ఆటల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ మీట ఎప్పుడు పనిచేసిందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు విడిపోయిందన్నదీ అంతే ముఖ్యం. ఒకే మీటను గబగబా రెండుసార్లు నొక్కాలనుకుందాం. ఎరుపు స్విచ్‌లో వేలు కాస్త పైకి లేస్తే రేకులు విడిపోతాయి, వెంటనే మళ్లీ నొక్కవచ్చు. నీలం స్విచ్‌లో కాడకూ తొడుగుకూ మధ్య ఖాళీ ఉంది కాబట్టి, కాడ ముందు ఆ ఖాళీని దాటి, తర్వాతే తొడుగును పైకి లేపగలదు. వేలు చాలినంత ఎత్తు లేవకపోతే రెండో నొక్కు నమోదే కాదు. ఆటగాళ్లు లీనియర్ వైపు మొగ్గడానికి ఇదొక గట్టి కారణం.

చెర్రీలోనే స్పీడ్ సిల్వర్ అనే రకం 1.2 మిల్లీమీటర్లకే పనిచేస్తుంది. ఎరుపుకంటే 0.8 మిల్లీమీటర్లు ముందు. వేలు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో దిగుతుందనుకుంటే కలిసొచ్చేది 4 మిల్లీసెకన్లు. సెకనుకు 144 సార్లు మారే తెరమీద ఒక్క బొమ్మ నిలిచే సమయం దాదాపు 7 మిల్లీసెకన్లు. అంటే లాభం ఉన్నా ఒక్క బొమ్మ అంత కూడా కాదు. దానికి బదులు, ఊరికే ఆనించిన వేలికే అక్షరం పడిపోయే ఇబ్బంది ఉంది. ఉత్తరాలూ లెక్కలూ టైపు చేసేవారికి ఇది తగదు.

రంగును మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. దానికి అన్ని కంపెనీలూ పాటించే ప్రమాణమేదీ లేదు. పెట్టెమీద లీనియర్, టాక్టైల్, క్లికీ అన్న మాటలో ఏది ఉందో, ఎన్ని మిల్లీమీటర్లకు పనిచేస్తుందో చూడాలి. దుకాణంలో కీబోర్డును కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే ఒక మీటను చాలా నెమ్మదిగా నొక్కుతూ, వేలికి మెట్టు తగిలిందా, ఎంత లోతులో అక్షరం పడిందో గమనించవచ్చు. తర్వాత మామూలు వేగంతో ఒక పేరా టైపు చేస్తే అడుగు శబ్దం ఎంతో కూడా తెలిసిపోతుంది.